అరబ్బీ త్ర్యక్షర క్రియలలో వర్తమానకాలపు మధ్యస్వరం: ధాతువు, అర్థం ఆధారంగా ఊహించే ప్రయత్నాల చరిత్ర

వ్యాససంగ్రహం:

అరబ్బీ భాషలో మూడు మూలాక్షరాల సామాన్య క్రియకు భూతకాల రూపం తెలిసినంత మాత్రాన వర్తమాన రూపం తెలియదు. రెండవ మూలాక్షరంపై వచ్చే స్వరం అకారమా, ఇకారమా, ఉకారమా అన్నది ప్రతి క్రియకూ విడిగా నిర్ణయం కావలసి ఉంటుంది. ధాతువులోని అక్షరాలను బట్టి, క్రియ అర్థాన్ని బట్టి ఈ స్వరాన్ని ఊహించవచ్చా అన్న ప్రశ్నను 8వ శతాబ్ది నుంచి వ్యాకర్తలు చర్చించారు. వారు కనుగొన్న సూత్రాలు ఎక్కడ నిలిచాయి, ఎక్కడ ఆగిపోయాయి, ఆధునిక సెమిటిక్ భాషాశాస్త్రం వాటికి ఏమి చేర్చింది అన్న విషయాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: అరబ్బీ వ్యాకరణం, ధాతువు, మధ్యస్వరం, సీబవైహి, ఇబ్న్ జిన్నీ, బార్త్ సూత్రం, నిఘంటు చరిత్ర.

1. ఉపోద్ఘాతం:

సంస్కృత వ్యాకరణ పరిచయం ఉన్న తెలుగు పాఠకునికి ధాతువులను గణాలుగా విభజించే పద్ధతి కొత్త కాదు. ఒక ధాతువు భ్వాది గణానికి చెందినదో తుదాది గణానికి చెందినదో దాని రూపాన్ని చూసి చెప్పడం అన్నివేళలా సాధ్యం కాదు కనుకనే ధాతుపాఠం అవసరమైంది. అరబ్బీలోనూ ఇటువంటి సమస్యే ఉంది. అయితే అక్కడ భేదం వికరణ ప్రత్యయంలో లేదు. అది ఒకే ఒక్క హ్రస్వస్వరంలో ఉంది. పైగా ఆ హ్రస్వస్వరం సాధారణమైన రాతలో కనిపించదు. అరబ్బీ లిపి హల్లులను, దీర్ఘాలను మాత్రమే రాస్తుంది. హ్రస్వాలను పాఠకుడు తన భాషాజ్ఞానంతో పూరించుకోవాలి.

ఈ స్వరం తప్పితే ఏమవుతుందో ఒక ఉదాహరణ వల్ల తెలుస్తుంది. ల–బ–స అనే ధాతువుకు రెండు క్రియలున్నాయి. 'లబిస' అంటే ధరించాడు. దాని వర్తమానం 'యల్బసు'. 'లబస' అంటే కలగాపులగం చేశాడు, సందేహంలో పడవేశాడు. దాని వర్తమానం 'యల్బిసు'. స్వరచిహ్నాలు లేని రాతలో ఈ రెండు వర్తమాన రూపాలకూ అక్షరాలు ఒక్కటే. ఖురాన్‌లో ఈ రెండు క్రియలూ ఉన్నాయి. 6వ అధ్యాయం 9వ వాక్యంలో ఇకారంతో కూడినది, 18వ అధ్యాయం 31వ వాక్యంలో అకారంతో కూడినది వస్తాయి. మొదటిచోట అకారం పలికితే 'సందేహంలో పడవేయడం' కాస్తా 'ధరించడం' అవుతుంది. పవిత్రగ్రంథ పఠనంలో అర్థం మారరాదన్న పట్టుదల వల్ల ఈ ఒక్క స్వరం పెద్ద శాస్త్రచర్చకు కారణమైంది.

ఈ వ్యాసంలో అరబ్బీ పదాలను తెలుగు లిపిలోనే చూపడం జరిగింది. 'ఐన్' అనే కంఠ్యాక్షరాన్ని ( ‘ ) గుర్తుతో, 'హమ్‌జ'ను ( ’ ) గుర్తుతో సూచించడమైనది. 'కాఫ్' అక్షరాలు రెండింటినీ 'క'తో, 'ఖా'ను 'ఖ'తో రాయడమైనది. పదాదిలో వచ్చే హమ్‌జకు ప్రత్యేకమైన గుర్తు వాడలేదు.

2. ఆరు ద్వారాలు:

అరబ్బీ వ్యాకర్తలు క్రియావర్గాన్ని 'బాబ్' అన్నారు. ఆ మాటకు ద్వారమని అర్థం. భూతకాలంలో మధ్యస్వరం మూడు విధాలుగా, వర్తమానంలో మూడు విధాలుగా ఉండవచ్చు కనుక లెక్కకు తొమ్మిది జతలు ఏర్పడాలి. భాషలో స్థిరపడినవి ఆరు మాత్రమే. ఒక్కొక్క ద్వారానికి ఒక్కొక్క ఉదాహరణక్రియ పేరుగా నిలిచింది.

భూతకాలంలో అకారం ఉన్న ద్వారాలు మూడు. 'నసర–యన్సురు' (సహాయపడు) లో వర్తమానం ఉకారాన్ని, 'దరబ–యద్రిబు' (కొట్టు) లో ఇకారాన్ని, 'ఫతహ–యఫ్తహు' (తెరుచు) లో అకారాన్ని పొందుతుంది. భూతకాలంలో ఇకారం ఉన్నవి రెండు. 'సమి‘అ–యస్మ‘ఉ' (విను) లో వర్తమానానికి అకారం వస్తుంది. 'హసిబ–యహ్సిబు' (తలచు) లో ఇకారమే నిలుస్తుంది. ఈ చివరి ద్వారంలో క్రియలు చాలా తక్కువ. వాటిలోనూ అధికభాగం 'వరిస–యరిసు' (వారసత్వంగా పొందు) వంటి వకారాది ధాతువులు. భూతకాలంలో ఉకారం ఉన్నది 'కరుమ–యక్రుము' (ఉదారుడగు) ఒక్కటే. అక్కడ వర్తమానంలోనూ ఉకారమే.

నసర, దరబ, సమి‘అ అనే మూడింటిని తరువాతి పాఠ్యగ్రంథాలు ద్వారాలకు మూలస్తంభాలుగా పేర్కొన్నాయి. వీటిలో భూత వర్తమానాల స్వరాలు పరస్పరం భిన్నంగా ఉంటాయి. కాలభేదాన్ని స్వరభేదంతో చూపడమే క్రియానిర్మాణంలో ప్రధానమన్నది వారి అభిప్రాయం. మిగిలిన మూడింటికీ ఏదో ఒక ప్రత్యేక కారణం చెప్పవలసి వచ్చింది. ఈ కారణాన్వేషణే ఊహాసూత్రాలకు ఆరంభం.

భూతకాల స్వరం తెలిసినప్పుడు సమస్యలో కొంత భాగం తీరుతుంది. అక్కడ ఉకారం ఉంటే వర్తమానం ఉకారమే. ఇకారం ఉంటే కొద్దిపాటి అపవాదాలు మినహా అకారమే. అసలు చిక్కు భూతకాలంలో అకారం ఉన్న క్రియలతోనే. అక్కడ మూడు స్వరాలకూ అవకాశముంది. భాషలోని సామాన్యక్రియలలో అత్యధికం ఈ వర్గానివే.

3. ధ్వని చెప్పే సాక్ష్యం: సీబవైహి సూత్రం

బస్రా నగరానికి చెందిన సీబవైహి 8వ శతాబ్ది చివరి భాగంలో రచించిన వ్యాకరణం 'అల్-కితాబ్' పేరుతో ప్రసిద్ధం. 'ఫతహ' ద్వారానికి కారణం అందులో ధ్వనిపరంగా చెప్పబడింది. రెండవ లేదా మూడవ మూలాక్షరం కంఠ్యమైతే వర్తమానంలో అకారం వస్తుంది. ఆ కంఠ్యాక్షరాలు ఆరు: హమ్‌జ, రెండు విధాల హకారాలు, ఐన్, గైన్, ఖా. ఇవి గొంతులో లోతున పుట్టేవి కనుక వాటికి దగ్గర స్వరాన్ని నోటి పైభాగాన పుట్టే ఇకార ఉకారాలుగా ఉంచడం కన్న, అలిఫ్‌కు సజాతీయమైన అకారంగా ఉంచడాన్నే పలికేవారు ఇష్టపడ్డారని ఆయన వివరణ. నేటి ధ్వనిశాస్త్రం దృష్ట్యా కూడా ఇది సమంజసమే. కంఠ్యాల ఉచ్చారణలో నాలుక మూలం వెనక్కు, కిందికి జరుగుతుంది. వివృతమైన అకారానికి ఆ స్థితి అనుకూలం.

ఈ సూత్రాన్ని వాడేటప్పుడు దాని దిశను గమనించాలి. 'ఫతహ' ద్వారంలో ఉన్న క్రియకు దాదాపు తప్పనిసరిగా కంఠ్యాక్షరం ఉంటుంది. కానీ కంఠ్యాక్షరం ఉన్న ప్రతి క్రియా ఆ ద్వారంలో చేరదు. 'దఖల–యద్ఖులు' (ప్రవేశించు), 'కఅ‘ద–యక్‘ఉదు' (కూర్చొను), 'బలగ–యబ్లుగు' (చేరుకొను), 'అఖజ–య’ఖుజు' (తీసుకొను) అనేవి ఉకారాన్నే నిలుపుకొన్నాయి. 'రజ‘అ–యర్జి‘ఉ' (తిరిగివచ్చు) ఇకారాన్ని నిలుపుకొంది. ఇవి అరుదైన మాటలు కావు, నిత్యవ్యవహారంలో ఉన్నవి. ఎక్కువగా వాడే రూపం మార్పును తట్టుకొని పాతరూపంలో నిలవడం భాషలలో తరచు కనిపించేదే. కనుక కంఠ్యసూత్రం మూలనియమం కాదనీ, ఇకార ఉకారాలున్న క్రియలపై కాలక్రమంలో పనిచేసిన ధ్వనిమార్పు అనీ భావించవచ్చు.

ఈ క్రమాన్ని నిరూపించే ఆసక్తికరమైన సాక్ష్యం వకారాది ధాతువులలో దొరుకుతుంది. వీటికి వర్తమానంలో ఇకారం వచ్చి, మొదటి వకారం లోపిస్తుంది. 'వసల–యసిలు' (చేరు), 'వజద–యజిదు' (కనుగొను) ఇటువంటివి. అకారం సహజంగా ఉన్న 'వజిల–యవ్జలు' (భయపడు) లో వకారం లోపించదు. మరి 'వహబ' (ప్రసాదించు) కు వర్తమానం 'యహబు'. ఇక్కడ అకారం ఉన్నా వకారం లోపించింది. దీనికి వ్యాకర్తలు చెప్పిన సమాధానం తృప్తికరంగా ఉంది. మొదట ఇకారం ఉండేది, దానివల్ల వకారం పోయింది, ఆ తరువాత కంఠ్యమైన హకారం వల్ల ఇకారం అకారమైంది. అంటే ఒక్క రూపంలో రెండు పొరల చరిత్ర నిలిచి ఉంది.

4. ధాతువు ఆకారం చెప్పే సాక్ష్యం:

మధ్యాక్షరం, అంత్యాక్షరం వకార యకారాలైన ధాతువులలో ఊహ సులభం. మధ్యలో వకారం ఉంటే సాధారణంగా ఉకారం వచ్చి దీర్ఘమవుతుంది: 'కాల–యకూలు' (చెప్పు). యకారం ఉంటే ఇకారం: 'సార–యసీరు' (నడుచు). అంత్యంలోనూ అంతే: 'ద‘ఆ–యద్‘ఊ' (పిలుచు), 'రమా–యర్మీ' (విసురు). 'సఅ‘ా–యస్‘ఆ' (ప్రయత్నించు) వంటి యకారాంతాలలో కంఠ్యాక్షరం అకారాన్ని తెచ్చింది. 'ద‘ఆ' లోనూ కంఠ్యమే ఉన్నా వకారం బలం నిలిచింది.

చివరి రెండు మూలాక్షరాలు ఒకటే అయిన ద్విరుక్త ధాతువులలో మాత్రం అర్థం ప్రవేశిస్తుంది. భూతకాలంలో అకారం ఉన్న ద్విరుక్త క్రియ సకర్మకమైతే ఉకారం, అకర్మకమైతే ఇకారం వస్తుంది. 'రద్ద–యరుద్దు' (తిప్పి ఇచ్చు), 'మద్ద–యముద్దు' (చాచు) సకర్మకాలు. 'ఫర్ర–యఫిర్రు' (పారిపోవు), 'కల్ల–యకిల్లు' (తగ్గు) అకర్మకాలు. అపవాదాలు లేకపోలేదు. 'మర్ర–యముర్రు' (దాటిపోవు) అకర్మకమైనా ఉకారాన్ని పొందింది. ఇటువంటి అపవాదాలను 13వ శతాబ్దికి చెందిన ఇబ్న్ మాలిక్ తన 'లామియ్యతుల్ అఫ్‘ఆల్' అనే పద్యవ్యాకరణంలో కంఠస్థం చేయడానికి వీలుగా కూర్చాడు.

ఈ ధాతువులతో ఒక జాగ్రత్త అవసరం. ద్విత్వం వల్ల భూతకాలంలో మధ్యస్వరం కనబడదు. 'జల్ల' (అలాగే ఉండిపోయాడు) చూడడానికి 'రద్ద' వలెనే ఉంటుంది. ఉత్తమపురుష ప్రత్యయం చేర్చినప్పుడు ద్విత్వం విడిపోయి, 'రదద్తు' అనే అకారరూపం ఒకవైపు, 'జలిల్తు' అనే ఇకారరూపం మరొకవైపు బయటపడతాయి. అందువల్లనే 'జల్ల' వర్తమానం 'యజల్లు' అయింది. అది సమి‘అ ద్వారానికి చెందినది. పై సూత్రం దానికి వర్తించదు.

5. అర్థం చెప్పే సాక్ష్యం:

అర్థానికీ స్వరానికీ గట్టి సంబంధం ఉన్నది ప్రధానంగా భూతకాలంలో. 'కరుమ' ద్వారంలో శాశ్వతమైన గుణాలు చేరతాయి: 'హసున' (అందంగా ఉండు), 'కబుర' (పెద్దదగు). సమి‘అ ద్వారంలో తాత్కాలికమైన స్థితులు, రోగాలు, భావోద్వేగాలు విశేషంగా కనిపిస్తాయి: 'మరిద' (జబ్బుపడు), 'ఫరిహ' (సంతోషించు), '‘అతిష' (దప్పికగొను). ఒకే ధాతువు మూడు స్వరాలతో మూడు అర్థాలను పొందడమూ ఉంది. 'హలమ–యహ్లుము' కలగను, 'హలుమ–యహ్లుము' ఓర్పు గలవాడగు, 'హలిమ–యహ్లము' (తోలు) పురుగుపట్టు. క్రియ, గుణం, వికారం అన్న మూడు భావాలు ఇక్కడ మూడు ద్వారాలుగా విడిపోయాయి. అయితే 'షరిబ' (తాగు), 'రకిబ' (ఎక్కు), '‘అలిమ' (తెలిసికొను) వంటి సకర్మకాలు కూడా సమి‘అ ద్వారంలో ఉన్నందున, అర్థం నుంచి స్వరానికి వెళ్ళే దారి అన్నివేళలా తిన్ననిది కాదు.

గుణవాచక క్రియలలో అర్థబలం ధ్వనిబలాన్ని మించుతుంది. 'కబుహ' (వికారంగా ఉండు) లో మూడవ అక్షరం కంఠ్యమే. అయినా వర్తమానం 'యక్బుహు'. కంఠ్యసూత్రం ఇక్కడ పనిచేయదని సీబవైహియే గమనించాడు. ఈ ద్వారానికి ఉకారం దాని గుర్తింపు కనుక ధ్వని దానిని కదిలించలేదు.

అర్థమే స్వరాన్ని నిర్ణయించే మరొక సందర్భం 'ముగాలబ', అంటే పోటీలో గెలవడం. 'దరబ' కు వర్తమానం 'యద్రిబు' అని చూశాం. కానీ 'అతడు నాతో కొట్లాటకు దిగాడు, ఆ కొట్టడంలో నేనతన్ని మించాను' అన్న అర్థంలో ఉత్తమపురుష వర్తమానం 'అద్రుబుహు' అని ఉకారంతో వస్తుంది. ధాతువు మారలేదు, సకర్మకత్వమూ మారలేదు. మారినది భావం మాత్రమే. మోసుల్‌లో పుట్టి 1002లో మరణించిన ఇబ్న్ జిన్నీ తన 'అల్-ఖసాఇస్' గ్రంథంలో దీనికి కారణం చెప్పాడు. గెలుపు భావంలో ఓటమి ఎరుగని సహజస్వభావం అనే అర్థం చేరుతుంది, స్వభావాన్ని చెప్పే ద్వారం కరుమ, కనుక దాని ఉకారమే ఇక్కడికి వచ్చింది. ఇదే అర్థంలో కంఠ్యాక్షరం ఉన్న క్రియలకు అకారమే నిలుస్తుందని కూఫా వ్యాకర్త అల్-కిసాఈ భావించాడు. ధ్వని గెలుస్తుందా, అర్థం గెలుస్తుందా అన్నది ఇక్కడి వివాదం.

6. ఇకార ఉకారాల మధ్య: కారణం దొరకని చోటు

కంఠ్యాక్షరం లేదు, వకార యకారాలు లేవు, ద్విరుక్తి లేదు, భూతకాలంలో అకారం ఉంది. అటువంటి క్రియకు వర్తమానంలో ఇకారం రావాలా, ఉకారం రావాలా? ఊహాశాస్త్రానికి నిజమైన పరీక్ష ఇదే.

బస్రాకు చెందిన అబూ జైద్ అల్-అన్సారీ 9వ శతాబ్ది తొలిభాగంలో మరణించిన భాషావేత్త. కైస్, తమీమ్ తెగల మధ్య చాలాకాలం తిరిగి, ఏ క్రియకు ఉకారం తగునో ఏ క్రియకు ఇకారం తగునో చిన్నలనూ పెద్దలనూ అడిగాననీ, తనకు ఏ నియమమూ కనబడలేదనీ, ప్రతివారూ తమకు ఇంపుగా తేలికగా తోచినట్టు పలుకుతున్నారనీ ఆయన చెప్పినట్టు 10వ శతాబ్దికి చెందిన ఇబ్న్ దురుస్తవైహి రచన ద్వారా మనకు తెలుస్తున్నది. సుయూతీ తన 'అల్-ముజ్‌హిర్' లో దీనిని ఉద్ధరించాడు. ప్రసిద్ధక్రియలను మినహాయిస్తే తక్కినవాటిలో రెండు స్వరాలూ అంగీకార్యమే అన్న అభిప్రాయానికి ఇది ఆధారమైంది. బాలవ్యాకరణం చదివినవారికి 'బహుళం', 'విభాష' అన్న మాటలు ఇక్కడ గుర్తుకు రాక మానవు.

ఈ వైకల్పికత ఖురాన్ పఠనసంప్రదాయాలలోనూ నిలిచి ఉంది. 7వ అధ్యాయం 138వ వాక్యంలో 'అంటిపెట్టుకొని ఉండు' అనే అర్థం గల క్రియను హమ్‌జ, కిసాఈ అనే పఠితలు 'య‘అ్‌కిఫూన' అని ఇకారంతోనూ, తక్కినవారు 'య‘అ్‌కుఫూన' అని ఉకారంతోనూ చదివారు. రెండూ ప్రామాణికాలే. అర్థభేదం లేదు. ల–బ–స ఉదాహరణకు ఇది పూర్తిగా భిన్నమైనది. ఒకచోట స్వరం అర్థాన్ని విడదీస్తుంది, మరొకచోట కేవలం పలుకుబడిని తెలుపుతుంది.

ఇబ్న్ జిన్నీ ఇంతటితో తృప్తిపడలేదు. ఉకారం మౌలికంగా కరుమ ద్వారానిదనీ, ఆ ద్వారంలోని క్రియలు అకర్మకాలనీ, కనుక అకారభూతకాలం ఉన్న అకర్మకాలకు ఉకారం, సకర్మకాలకు ఇకారం సహజమనీ ఆయన ప్రతిపాదించాడు. ఆయన లెక్కలో 'దరబ–యద్రిబు', 'కతల–యక్తులు' (చంపు) అనే రెండు సకర్మకాలలో మొదటిదే నియమానికి దగ్గర. అలాగే కూర్చోవడాన్ని చెప్పే 'కఅ‘ద–యక్‘ఉదు', 'జలస–యజ్లిసు' అనే రెండు అకర్మకాలలోనూ మొదటిదే నియమానికి దగ్గర.

ఈ ఉదాహరణలను కాస్త నిదానంగా పరిశీలిద్దాం. 'కఅ‘ద' లో రెండవ అక్షరం ఐన్. సీబవైహి సూత్రం అకారాన్ని ఊహిస్తుంది, అది తప్పుతుంది. ఇబ్న్ జిన్నీ సూత్రం ఉకారాన్ని ఊహిస్తుంది, అది సరిపోతుంది. 'జలస' లో కంఠ్యం లేదు కనుక మొదటి సూత్రం మౌనం వహిస్తుంది. రెండవ సూత్రం ఉకారమంటుంది, భాష ఇకారమంటుంది. రెండు క్రియల అర్థమూ దాదాపు ఒకటే అయినప్పుడు, రెండూ అకర్మకాలే అయినప్పుడు, స్వరభేదానికి అర్థం కారణం కాజాలదు. పైగా ద్విరుక్త ధాతువులలో సకర్మకానికి ఉకారం, అకర్మకానికి ఇకారం రావడం చూశాం. ఇబ్న్ జిన్నీ ప్రతిపాదనకు అది సరిగ్గా తలక్రిందులు. ఒకే భాషలో ఒకే భావభేదం రెండు చోట్ల రెండు వ్యతిరేకదిశలలో పనిచేస్తున్నదంటే, అది ఉకార ఇకారాల సహజస్వభావం కాదనీ, ఆయా ధాతువర్గాలలో విడివిడిగా ఏర్పడిన అలవాటు అనీ చెప్పవలసి ఉంటుంది.

అయితే ఇబ్న్ జిన్నీ మరొక ఆలోచన ఎక్కువ ఫలవంతమైనది. అదే భాషాసంకరం. ఒక తెగవారి భూతకాల రూపం, మరొక తెగవారి వర్తమాన రూపం ఒకరి నోట కలిసినప్పుడు ఏ ద్వారానికీ చెందని జత పుడుతుంది. 'రకన–యర్కను' (మొగ్గు) లో కంఠ్యం లేదు, అయినా రెండు కాలాలలోనూ అకారమే. 'రకన–యర్కును' అనే పలుకుబడి, 'రకిన–యర్కను' అనే పలుకుబడి కలిసి దీనిని కన్నాయని వివరణ. అపవాదాన్ని సూత్రంలో ఇరికించకుండా చరిత్రలో వెదకడం ఇక్కడి విశేషం.

7. ఆధునిక పరిశోధన చేర్చినది:

1894లో జర్మన్ పండితుడు యాకోబ్ బార్త్ సెమిటిక్ భాషలను పోల్చి ఒక సూత్రం ప్రకటించాడు. ప్రాచీనదశలో వర్తమాన మధ్యస్వరం అకారమైతే దాని ముందు వచ్చే పురుషప్రత్యయానికి ఇకారం, మధ్యస్వరం ఇకార ఉకారాలైతే ప్రత్యయానికి అకారం ఉండేదని దాని సారం. హీబ్రూలో కంఠ్యాది ధాతువులలో ఈ భేదం నిలిచింది. 'సేవించును' అనే అర్థంలో 'య‘అబోద్', 'బలపడును' అనే అర్థంలో 'యెహెజక్' కనిపిస్తాయి. 1929లో తవ్వకాలు మొదలైన ఉగారిత్ నగరపు శాసనాలలో దీనికి బలం చేకూరింది. ఆ లిపిలో హమ్‌జకు మూడు స్వరాలను బట్టి మూడు అక్షరాలున్నందున, ఉత్తమపురుష ప్రత్యయపు స్వరం రాతలోనే కనిపిస్తుంది. ఈ సంగతిని గిన్స్‌బర్గ్ 1930ల దశకంలో నిరూపించాడు. అందువల్ల ఈ నియమాన్ని ఇద్దరి పేరుతో వ్యవహరిస్తారు.

అరబ్బీలోనే దీని ఆనవాలు ఉంది. 'నీకు తెలుసు' అనడానికి ప్రామాణిక రూపం 'త‘అ్‌లము'. హిజాజ్ ప్రాంతంవారు తప్ప తక్కిన అరబ్బులు ఇకారభూతకాలం గల క్రియలలో 'తి‘అ్‌లము' అని ఇకారప్రత్యయంతో పలికేవారని సీబవైహి నమోదు చేశాడు. వ్యాకర్తలు దీనిని ఒక ప్రాంతీయమైన పలుకుబడిగా చూశారు. బార్త్ సూత్రం వెలుగులో చూస్తే అది అతిప్రాచీనమైన వర్గవిభజనకు మిగిలిన సాక్ష్యం. సమి‘అ ద్వారంలోని అకారం స్థితివాచక క్రియలకు చెందిన పాత లక్షణమని, ఫతహ ద్వారంలోని అకారం కంఠ్యాల వల్ల తరువాత ఏర్పడినదని దీనివల్ల స్పష్టమవుతుంది. చూడడానికి ఒక్కటిగా కనిపించే అకారాలు పుట్టుకలో రెండు.

ఇకార ఉకారాల సమస్య మాత్రం ఇంకా పాతది. అరబ్బీ వ్యాకరణానికి రెండువేల సంవత్సరాలకు పైగా ముందటి అక్కాదియన్ భాషలోనూ 'ఇప్రుస్' (విడదీశాడు) లో ఉకారం, 'ఇప్కిద్' (అప్పగించాడు) లో ఇకారం కనిపిస్తాయి. అక్కడ కూడా నిఘంటువు ప్రతి క్రియకూ స్వరాన్ని విడిగా సూచించవలసిందే. అబూ జైద్ తెగల మధ్య వెదకిన నియమం ఆయన కాలానికే కాదు, తెలిసినంత ప్రాచీనకాలానికి కూడా ధాతువుతో పుట్టిన స్వరంగానే ఉంది.

8. నిఘంటువుల పరిష్కారం:

సూత్రం ఆగిన చోట జాబితా మొదలైంది. 10వ శతాబ్దిలో కార్డోబాకు చెందిన ఇబ్నుల్ కూతియ్య క్రియలకే ప్రత్యేకంగా ఒక గ్రంథం రచించాడు. సిసిలీలో పుట్టి 1121లో కైరోలో మరణించిన ఇబ్నుల్ కత్తా‘ ఆ పనిని 'కితాబుల్ అఫ్‘ఆల్' పేరుతో విస్తరించాడు. ఈ రెండవ గ్రంథం హిజ్రీ 1360 ప్రాంతంలో, అంటే 1940ల ఆరంభంలో, హైదరాబాదులోని దాయిరతుల్ మఆరిఫ్ ద్వారా అచ్చయింది. సిసిలీ పండితుడు కూర్చిన క్రియాకోశం దక్కన్‌లో ముద్రణ పొంది అరబ్బీ లోకానికి చేరింది.

నిఘంటుకర్తలకు స్వరాన్ని భద్రపరచడమే ఒక సమస్య. లేఖకులు స్వరచిహ్నాలను తప్పుగా రాయవచ్చు, వదిలివేయవచ్చు. 1415లో మరణించిన ఫీరూజాబాదీ 'అల్-కామూస్' పీఠికలో దీనికి ఒక సంకేతం ఏర్పరచాడు. వర్తమానం చెప్పకుండా భూతకాలం మాత్రమే ఇస్తే, అడ్డుకారణం లేనప్పుడు, ఆ క్రియ 'కతబ–యక్తుబు' (రాయు) వంటిది. స్వరం పేర్కొనకుండా వర్తమానం కూడా ఇస్తే 'దరబ–యద్రిబు' వంటిది. రాతలో చిహ్నం చెరిగినా సమాచారం చెరగని ఏర్పాటు ఇది. ఆ పీఠికలోనే ఆయన ప్రసిద్ధక్రియలు దాటితే రెండు స్వరాలకూ స్వేచ్ఛ ఉందన్న అబూ జైద్ అభిప్రాయాన్ని సమర్థించడం గమనార్హం. ఆధునిక నిఘంటువులలో భూతకాల రూపం పక్కన ఒక్క స్వరాక్షరం వేసి ఈ పని ముగిస్తున్నారు.

9. ముగింపు:

పై చర్చను బట్టి తెలియని క్రియ ఎదురైనప్పుడు అనుసరించదగిన క్రమం ఇది. మొదట భూతకాల స్వరం చూడాలి. ఉకారమైతే ఉకారం, ఇకారమైతే ప్రాయికంగా అకారం. అకారమైతే ధాతువులో వకార యకారాలున్నవా, ద్విరుక్తి ఉన్నదా చూడాలి. ఉంటే ఊహ చాలావరకు నిలుస్తుంది. తరువాత రెండు, మూడు స్థానాలలో కంఠ్యాక్షరం ఉన్నదేమో చూడాలి. ఉంటే అకారం సంభావ్యం. కానీ క్రియ ఎంత నిత్యవ్యవహారంలోనిదైతే అంత అనుమానంతో నిఘంటువును చూడాలి. ఇవేవీ లేనప్పుడు ఇకార ఉకారాల మధ్య అర్థం దారి చూపదు. కఅ‘ద, జలస అన్న జంట అందుకు సాక్ష్యం.

ఈ సూత్రాలలో ప్రతిదానికీ ఒక చారిత్రకదశ ఉంది. స్థితివాచక క్రియల అకారం అతిప్రాచీనం. ఇకార ఉకారాల పంపకం ధాతువులతో సంక్రమించిన వారసత్వం. కంఠ్యాల అకారం ఆ రెండింటిపై పడిన తరువాతి పొర. తెగల కలయిక చివరి పొర. అరబ్బీ వ్యాకర్తలు వీటినన్నింటినీ ఒకే కాలతలంపై ఉంచి చూసినందువల్ల సూత్రాలు ఒకదానితో ఒకటి తలపడినట్టు కనిపించాయి. వారు నమోదు చేసిన అపవాదాలే ఈ పొరలను విడదీయడానికి నేడు ఆధారాలు.